ఏడో లైనులో గంటలు

మ్యూజియంలో నా ఉద్యోగం పేరు పొడుగ్గా ఉంటుంది, చేసే పని మాత్రం పొట్టిది. కొత్త ప్రదర్శన మొదలవుతుందంటే ఒక ఫొటో, దాని కింద పది లైన్లు రాసి మ్యూజియం పేజీలో పెట్టాలి. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, టికెట్టు ఎవరికి, పిల్లల్ని తీసుకొస్తే లోపల వాళ్ళకు ఏముంటుంది. ఇంతే. దీనికి జీతం కూడా ఇస్తున్నారా అని మా బంధువుల్లో ఒకాయన అడిగాడు కూడా.

ఆయనకు తెలియనిదేమిటంటే, ఫొటో కింద రెండు లైన్లే కనిపిస్తాయి. మిగతా ఎనిమిదీ చదవాలంటే ‘ఇంకా చూడండి’ అన్నచోట నొక్కాలి. ఎవరూ నొక్కరు. ప్రాణం మీదికి వచ్చే సంగతి ఏదైనా ఉంటే అది మొదటి రెండు లైన్లలోనే ఉండాలని ఆఫీసులో కనపడినవాళ్ళందరికీ చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. నాకు ముక్కు మీద కోపమని పేరు వచ్చింది కూడా ఎక్కువగా ఈ విషయంలోనే.

ఈసారి ప్రదర్శన పాత గడియారాలది. ఒక కుటుంబం మూడు తరాలుగా పోగుచేసిన ఇరవై మూడు గడియారాలు. అందులో పదకొండు గంటలు కొడతాయి. మంగళవారం పొద్దున్న నేను పెట్టిన మొదటి క్యాప్షన్‌లో మొదటి రెండు లైన్లు ఇవి: ‘పాత గడియారాల ప్రదర్శన, ఈ నెల పన్నెండు శనివారం ఉదయం పదింటికి ప్రారంభం. మొదటి గంట నిశ్శబ్ద గంట: చప్పుళ్ళు పడని పిల్లలున్న కుటుంబాల కోసం పది నుంచి పదకొండు దాకా ఒక్క గడియారం కూడా గంట కొట్టదు.’

ఆ రెండో లైను మా చెల్లెలి కోసం రాశాను. దాచడం దేనికి.

చెల్లెలికి ఒక కూతురు, ఏడేళ్ళది. దానికి చప్పుడు పడదు. కుక్కరు కూత, మిక్సీ, పక్కింట్లో తలుపు వేసిన చప్పుడు, ఏది వచ్చినా రెండు చెవులూ మూసుకుని నేల మీద ముడుచుకుపోతుంది. కిందటేడు ఒక సైన్సు ప్రదర్శనకు తీసుకెళ్ళారు. ‘అన్ని వయసుల పిల్లలకూ అనుకూలం’ అని బోర్డు మీద రాసి ఉందట. మూడో గదిలో రాకెట్టు పేలినట్టు ఏదో పెట్టారు. పిల్ల అరుపులకు అందరూ వెనక్కి తిరిగి చూశారు, కాపలావాడు వచ్చి “కాస్త బయటికి తీసుకెళ్ళండమ్మా” అన్నాడు. ఆ ‘కాస్త’ ఏడాదైంది. మా చెల్లెలు ఆ తర్వాత పిల్లని తీసుకుని ఎక్కడికీ వెళ్ళలేదు. పెళ్ళిళ్ళకూ లేదు, మా ఇంటికీ లేదు. నేనే వెళ్ళి చూసొస్తుంటాను.

మంగళవారం మధ్యాహ్నం తనే ఫోన్ చేసింది. తను ఫోన్ చేయడమే ఒక వింత.

“అక్కా, నువ్వు రాసిందేనా అది?”

“నేను కాక మా డైరెక్టరు రాస్తాడా?”

“నిజంగా ఒక్కటీ కొట్టదు కదా?”

“రాశానుగా!”

“రాసేవాళ్ళు చాలామంది రాస్తారక్కా. నువ్వు రాశావు కాబట్టి టికెట్టు తీసుకున్నాను. పదింటిదే తీసుకున్నాను,” అంది. గొంతులో ఎంత సంతోషమో. నాకు గాల్లో తేలినట్టయింది.

బుధవారం పొద్దున్న బాబాయ్ వచ్చి నన్ను కిందికి దించాడు. బాబాయంటే మాకు చుట్టమేమీ కాదు. గడియారాలు బాగుచేసే మనిషి. డెబ్భై దగ్గర పడుతున్న వయసు, కంటికి తగిలించుకునే భూతద్దాన్ని నుదుటి మీదికి తోసుకుని తిరుగుతుంటాడు, మ్యూజియంలో అందరూ అలాగే పిలుస్తారు. చేతిలో నా క్యాప్షన్ కాగితం ఉంది.

“ఇదేంటమ్మా ఇది? కొట్టవని రాశావు?”

“ఒక్క గంటే కదా బాబాయ్. ఆపేయండి.”

“ఆపేయడానికి అదేమన్నా నీ సెల్‌ఫోన్ అలారమా?”

నా చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్ళాడు. నిలువెత్తు గడియారం ఒకదాని వెనక్కి వంగి చూడమన్నాడు. లోపల ఒక ఇత్తడి చక్రం, అంచున గాట్లు. ఒక గాటుకూ ఇంకో గాటుకూ మధ్య దూరం పెరుగుతూ పోతోంది.

“దీని లెక్కంతా ఈ గాట్లలో ఉంది. ముల్లు ఎక్కడుందో దీనికి తెలీదు. తొమ్మిది కొట్టిందా, తర్వాతది పదే. నువ్వు మధ్యలో కొట్టనివ్వకుండా అడ్డుపడ్డావనుకో, పదకొండింటికి పది కొడుతుంది, పన్నెండింటికి పదకొండు. రోజంతా అంతే. ఇలాంటివి ఆరున్నాయి.”

“సుత్తికి గుడ్డ చుట్టండి. లెక్క నడుస్తుంది, చప్పుడు రాదు.”

బాబాయ్ నన్ను కొంచెం గౌరవంగా చూశాడు. “బుర్ర ఉంది. కానీ గడియారాలిచ్చినవాళ్ళ కాగితంలో ఏం రాసుందో చూడు. లోపల ఏదీ కట్టకూడదు, అడ్డం పెట్టకూడదు. గుడ్డపీలిక ఒకటి జారి చక్రాల్లో పడితే వందేళ్ళ పళ్ళు విరుగుతాయి. మొత్తానికి ఆపమంటే లోలకం పట్టుకుని ఆపుతాను. మళ్ళీ నడిపించేటప్పుడు ఒక్కోదాన్నీ ప్రతి గంటా కొట్టించుకుంటూ ముందుకు తేవాలి. ఆ చప్పుడు ఇంకా ఎక్కువ.”

నేను ఎవరినీ అడగకుండా రాశాను. గడియారాల ప్రదర్శనకు క్యాప్షన్ రాస్తూ గడియారాలాయన్ని ఒక్క మాట అడగలేదు. ఇప్పటికి ఇరవై ఆరు కుటుంబాలు పదింటి టికెట్టు తీసుకున్నాయి.

డైరెక్టరు గారి గదికి వెళ్ళాను. ఆయన మంచివాడే, కానీ ముఖ్య అతిథి అనే మాట చెవిన పడితే మిగతావేవీ వినపడవు. గడియారాలిచ్చిన కుటుంబం పెద్దాయన శనివారం సరిగ్గా పదింటికి వస్తున్నాడు, రిబ్బను కత్తిరించగానే పదకొండు గడియారాలూ మోగాలి.

“నిశ్శబ్దమేంటమ్మా, గడియారాల దగ్గర నిశ్శబ్దం దేనికి? తీసేయండి.”

“తీసేస్తే సరిపోదండీ. చూసేసినవాళ్ళకు తీసేసినట్టు తెలీదు. ఎప్పుడు ఎన్ని కొడతాయో రాద్దాం. గంటకోసారి రెండు నిమిషాలు, అరగంటకు ఒక్కో దెబ్బ. కావలసినవాళ్ళు బయటికొచ్చి నిలబడతారు. అది మొదటి లైనులో పెడతాను.”

“పై రెండు లైన్లలో పెద్దాయన వస్తున్నారని పెట్టండి. ఇది కింద ఎక్కడైనా పెట్టుకోండి.”

“కింద పెడితే ఎవరూ చదవరండీ.”

“చదవాల్సినవాళ్ళు చదువుతారులెండి.”

ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకున్నాను. ఎందుకంటే అసలు తప్పు నాది. నాది కాకపోయుంటే ఆ గదిలో నా గొంతు ఇంకో రకంగా ఉండేది.

తర్వాత టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడ కూర్చునే ఆయన్ని మేం రూళ్ళకర్ర అంటాం, ఆయన ముందు కాదు. ఒకసారి బయటికెళితే టికెట్టు చెల్లదన్నది ఆయన రూలు. గంట కొట్టే ముందు బయటికొచ్చిన పిల్లలు మళ్ళీ లోపలికెలా వెళతారని అడిగాను.

“కొత్త టికెట్టు తీసుకోవాలి.”

“మోత భరించలేక వచ్చినవాళ్ళు కదండీ.”

“మోతకీ టికెట్టుకీ సంబంధమేంటి?”

గంటన్నర వాదించాను. భోజనానికి లేస్తే వెంట వెళ్ళాను, చేతులు కడుక్కుంటుంటే పక్కన నిలబడ్డాను. చివరికి, మోత కోసం బయటికొచ్చినవాళ్ళు అదే టికెట్టుతో ఎన్నిసార్లయినా లోపలికి రావచ్చని రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు. నా బాధ పడలేక పెట్టాడు. ఆ లైను కూడా క్యాప్షన్‌లో చేర్చాను. మోత సంగతి ఏడో లైను అయింది, ఇది ఎనిమిదో లైను.

గురువారమంతా ఫోన్లే. ఇరవై ఆరు కుటుంబాలకూ వరసగా చేస్తూ పోయాను. “నిశ్శబ్ద గంట లేదండీ, తప్పు నాదే, పదింటికి పది దెబ్బలు పడతాయి, పదీ అయిదుకి రండి” అని మొదలుపెడితే కొందరు విని సరేనన్నారు, కొందరు కడిగేశారు. ఒకావిడ “మా వాడికి మోత వినాలనే ఉందండీ, పదింటికే వస్తాం, మళ్ళీ మార్చకండి తల్లీ” అంది. ఒకాయన నేను చెప్పిందంతా విని, “ఇంతకీ కారు పెట్టుకోవడానికి చోటుందా?” అన్నాడు. సాయంత్రానికి ఇరవై అయిదు మంది అయ్యారు.

మిగిలింది మా చెల్లెలు. మొదట తనకే చేయాల్సింది. పేర్ల వరసలో మూడోది కూడా. దాన్ని దాటేసి నాలుగో పేరుకు వెళ్ళాను. చివర్లో తీరిగ్గా మాట్లాడదామని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది తీరిక కోసం కాదు, భయం. నువ్వు రాశావు కాబట్టి అన్న మనిషితో ‘నేను రాసింది తప్పు’ అని చెప్పడానికి నోరు రాలేదు.

చివరికి మూడుసార్లు చేశాను. ఎత్తలేదు. పిల్ల ఇంట్లో ఉన్నంతసేపూ తన ఫోన్ మోగకుండా పెడుతుందని నాకు తెలుసు. వాళ్ళిల్లు నాకు రెండు బస్సు స్టాపుల దూరం. వెళ్ళి తలుపు తట్టొచ్చు. వెళ్ళకుండా కొత్త క్యాప్షన్ పంపాను. ‘ఇది చూడు’ అని మాత్రం రాశాను. శుక్రవారం పొద్దున్నకి దాని మీద ఎర్ర గుండె ఒకటి వచ్చింది. చూసింది, అర్థం చేసుకుంది, కోపం లేదు అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఊపిరైతే పీల్చుకున్నాను కానీ ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పిల్లల బల్ల మీద పెట్టిన విప్పదీసిన గడియారాన్ని నాలుగుసార్లు సర్దాను. బ్యాగులు పెట్టే అర మీద అంకెలు సరిగ్గా ఉన్నాయా అని చూశాను, ఉన్నాయి, మళ్ళీ చూశాను. పది నిమిషాలకోసారి ఫోన్ తీసి ఆ ఎర్ర గుండెను చూసుకున్నాను. అందులో కొత్తగా కనపడేది ఏముంటుంది?

శనివారం తొమ్మిదీ నలభైకి వరండాలో పాతికమంది ఉన్నారు. కొందరు పిల్లల చెవులకు పెద్ద పెద్ద దొప్పలున్నాయి, చప్పుడు ఆపేవి. మోత వినాలన్న పిల్లవాడు తండ్రి భుజాలెక్కి కూర్చుని హాలు తలుపు మీది నుంచి తొంగి చూస్తున్నాడు. తొమ్మిదీ యాభై రెండుకి చెల్లెలు వచ్చింది. మంచి చీర కట్టుకుంది. ఏడాది తర్వాత తను అలా తయారవడం చూశాను. పిల్ల పక్కనే నడుస్తోంది, చేతిలో ఒక పొడవాటి అట్టముక్క.

తొమ్మిదీ యాభై రెండుకి ఎందుకొచ్చింది? పదీ అయిదుకి కదా రావాలి.

“పెద్దమ్మా, చూడు,” అని పిల్ల అట్ట నా ముందు పెట్టింది. కొత్తచోటికి వెళ్ళాలంటే దానికి ఇలా ముందే బొమ్మలు గీసి నాలుగైదు రోజులు చూపించాలి. మొదటి బొమ్మ బస్సు. తర్వాత పెద్ద తలుపు. తర్వాత నేను, జడ తప్ప ఏదీ నాలా లేదు. తర్వాత గడియారం. గడియారం పక్కన గంట, గంట మీద ఎర్రటి అడ్డగీత.

“చెవులకు పెట్టేవి తెచ్చావా?” అని చెల్లెల్ని అడిగాను.

“అక్కర్లేదన్నావుగా.”

“నేను పంపింది చదవలేదా? గుండె పెట్టావు!”

“బొమ్మ చూశాను. అదే బొమ్మ, పైన అదే పేరు. మళ్ళీ ఎందుకు పంపావో అనుకున్నాను. నువ్వు పంపావు కదాని గుండె పెట్టాను. ఏం, ఏమైంది?”

తొమ్మిదీ యాభై నాలుగు. నీళ్ళు నమలడానికి కూడా సమయం లేదు. చెప్పేశాను. పదింటికి కొడతాయి, పదకొండు గడియారాలూ, ఒకదాని వెనక ఒకటి, రెండు నిమిషాలు. నేను అడగకుండా రాశాను. తర్వాత మార్చాను. నీకు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

“మిగతావాళ్ళకు?”

“చెప్పాను.”

“ఎంతమందికి?”

“పాతికమందికి.”

“పాతికమంది పరాయివాళ్ళకు ఫోన్ చేసి చెప్పావు,” అంది. గొంతు పెంచలేదు. “నాకు బొమ్మ పంపావు.”

పిల్ల తల్లి మొహం చూసింది, నా మొహం చూసింది, అట్ట చూసుకుంది. “ఇది తప్పా?” అంది.

తలుపు దగ్గర నిలబడిన బాబాయ్ అంతా విన్నాడు. భూతద్దాన్ని నుదుటి మీదికి తోసుకుంటూ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. “ఆపమంటావా అమ్మా? పదకొండు లోలకాలు, నాలుగు నిమిషాల్లో పట్టుకుంటాను. ఇవాళంతా తంటాలు పడాలి, పడతాను. డైరెక్టరుకు నువ్వు చెప్పుకో.”

చెల్లెలు నా వైపు చూసింది. ఆపమని నోటిదాకా వచ్చింది. తండ్రి భుజాల మీది పిల్లవాడు “ఇంకా అయిదు నిమిషాలు!” అని అరిచాడు. వాడికి నేను మాటిచ్చాను. వాడి తల్లి మళ్ళీ మార్చకండి తల్లీ అంది. నా వాళ్ళ కోసం రెండోసారి మారిస్తే ఇక నేను రాసేదాన్ని ఎవరు నమ్మాలి?

“వద్దు బాబాయ్,” అన్నాను. “కొట్టనివ్వండి.”

చెల్లెలు పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

వెంట పరిగెత్తాను. వెనక డైరెక్టరు గారు నా పేరు పెట్టి పిలుస్తున్నారు, పెద్దాయన కారు గేటులోకి వచ్చింది, పువ్వులు పట్టుకోవాల్సింది నేనే. పట్టుకోలేదు. తోట చివర గోడవారన సిమెంటు బెంచీ ఉంది. అక్కడ కూర్చుంది చెల్లెలు. నేను కూర్చోలేదు, పిల్ల ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాను.

“ఇది తప్పే. గంట మీద గీత నా వల్ల పడింది. అమ్మ తప్పు కాదు. ఇంకో నిమిషంలో లోపల పది కొడుతుంది. ఇక్కడికి చిన్నగా వినపడుతుంది. ఒక గడియారం కాదు, పదకొండు. ఒకదాని మీద ఒకటి పడతాయి. రెండు నిమిషాలకు అయిపోతుంది.”

“తర్వాత?”

“తర్వాత పదిన్నరకి ఒక్కోటి ఒక్క దెబ్బ. పదకొండింటికి పదకొండు.”

“మధ్యలో?”

“మధ్యలో ఏదీ కొట్టదు. టిక్ టిక్ ఉంటుంది. అంతే.”

పిల్ల రెండు చెవులూ మూసుకుంది. గోడల వెనక నుంచి మొదటిది మొదలైంది, లావు గొంతుది. దాని వెంటనే సన్నగొంతువి అందుకున్నాయి. చెల్లెలు కళ్ళు మూసుకుంది. పిల్ల నేల మీదికి జారలేదు. పెదవులు కదులుతున్నాయి. అన్నీ ఆగాక కూడా కాసేపు అలాగే ఉండి చేతులు తీసింది.

“లావుది పది కొట్టింది,” అంది. “మిగతావి కలిసిపోయాయి.”

అట్ట వెనక్కి తిప్పి, నా జేబులో పెన్ను లాక్కుంది. గంట బొమ్మ గీసి నా చేతికిచ్చింది. “ఎప్పుడెప్పుడో రాయి.” రాశాను. పదిన్నర, ఒకటి. పదకొండు, పదకొండు. పన్నెండు, పన్నెండు. అది నా పక్కన నిలబడి ప్రతి అంకె మీదా వేలు పెట్టి చూసింది. నా ఉద్యోగంలో ఇంత శ్రద్ధగా నన్ను చదివినవాళ్ళు లేరు.

“పద,” అని నా చూపుడువేలు పట్టుకుంది.

నేను చెల్లెలి వైపు చూశాను. “నేను రాను,” అంది తను. “దాన్ని తీసుకెళ్ళు. అది నమ్మింది. నావల్ల కాదు ఇప్పుడు.”

లోపలికి వెళ్ళాం. పదిన్నరకు అయిదు నిమిషాల ముందు వరండాలోకి తెచ్చాను, అయిపోయాక మళ్ళీ తీసుకెళ్ళాను. రూళ్ళకర్ర సంతకం పెట్టిన కాగితాన్ని ఒకసారి చూసుకుని, టికెట్టు అడగకుండా పక్కకు జరిగాడు. పిల్ల విప్పదీసిన గడియారం దగ్గర ఇరవై నిమిషాలు ఉంది. తాళంచెవి తిప్పింది, చక్రాలు కదలడం చూసింది. బాబాయ్ దానికి గాట్ల చక్రం చూపిస్తే అన్ని గాట్లూ లెక్కపెట్టింది. పెద్దాయన ఎవరో, డైరెక్టరు గారు దూరం నుంచి నా వైపు ఎలా చూస్తున్నారో దానికి పట్టలేదు. నాకు మాత్రం ఒకటే పని. చేతి గడియారం చూసుకోవడం, పిల్లని చూడడం, తలుపు చూడడం. ఒక్క నిమిషం పొరపాటైతే ఈసారి దానికి కూడా మొహం చూపించలేను.

పదీ యాభై మూడుకి బెంచీ దగ్గరికి తెచ్చి అప్పజెప్పాను. చెల్లెలు పిల్ల మొహం తడిమి చూసింది. అది ఊపిరి తీసుకోకుండా చక్రాల సంగతి చెబుతోంది. కాసేపటికి చెల్లెలు నా వైపు చెయ్యి చాపింది.

“ఫోన్ తియ్యి. నువ్వు రాసింది మొత్తం చదివి వినిపించు. ఏదీ వదలకుండా.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. నువ్వే చదువు.”

చదివాను. తోటలో నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. ‘పాత గడియారాల ప్రదర్శన, ఈ నెల పన్నెండు శనివారం ఉదయం పదింటికి ప్రారంభం. గడియారాలను అందించిన కుటుంబం పెద్దలు ముఖ్య అతిథిగా విచ్చేస్తున్నారు.’ ఇక్కడికి రెండు లైన్లు. ‘వచ్చే నెల ముప్పై వరకు, ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు దాకా. చివరి ప్రవేశం నాలుగున్నరకు, సోమవారాలు సెలవు. పెద్దలకు టికెట్టు, పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఉచితం, ఒక పెద్దవారితో ముగ్గురు పిల్లల వరకు. ఉచితమైనా టికెట్టు ముందే తీసుకోవాలి, దాని మీదున్న అరగంటలోనే లోపలికి రావాలి.’ ఇక్కడ ఆపేయాలనిపించింది. అయినా వదలలేదు. ‘గమనిక: ముందు ప్రకటించిన నిశ్శబ్ద గంట లేదు. గడియారాలు ప్రతి గంటకూ రెండు నిమిషాల పాటు కొడతాయి, అరగంటకు ఒక్కో దెబ్బ.’

“ఏడో లైను,” అంది చెల్లెలు, వేళ్ళు లెక్కపెడుతూ.

‘మోత వద్దనుకునే కుటుంబాలు అయిదు నిమిషాల ముందు బయటికి వచ్చి, అదే టికెట్టుతో మళ్ళీ లోపలికి రావచ్చు, ఎన్నిసార్లయినా.’

“ఆగు. మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివాను.

“కాస్త బయటికి తీసుకెళ్ళండి అన్నవాళ్ళెవరూ మళ్ళీ లోపలికి రండి అని రాయలేదు,” అంది. కళ్ళు తుడుచుకుంది. కోపం పోలేదు, దానికి పక్కనే ఇంకేదో వచ్చి చేరింది. “ఇంత మంచి మాట రాసి ఎనిమిదో లైనులో పడేశావు. నిన్ను ఏమనాలి?”

లోపల పదకొండు మొదలైంది. పిల్ల ముందే చెవులు మూసుకుని ఉంది. అయిపోయాక చెల్లెలు లేచింది. చీర సర్దుకుంది. మెట్ల దగ్గర ఆగి, ఫోన్ తీసి ఏదో రాసింది. రాసి, పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు.

నా ఫోన్ కదిలింది. మా పోస్టు కింద, శుభాకాంక్షల మధ్య, ఒక మాట: ‘మొదటి రెండు లైన్లు చూసి పిల్లల్ని తీసుకురాకండి. ఏడు, ఎనిమిది లైన్లు చదవండి. రాసినామెకు అవి పైన పెట్టే ధైర్యం లేకపోయింది. నేను చదవక మోసపోయాను. చదివితే ఈ చోటుకు మీరు నిశ్చింతగా రావచ్చు.’

ఏ మాటనైనా మిగతా అన్నిటికన్నా పైన, ఎవరు చూసినా మొదట అదే కనపడేలా, నిలిపి పెట్టే వీలుంది మాకు. మామూలుగా డైరెక్టరు గారి స్వాగత సందేశాన్ని నిలుపుతాం. దాన్ని తీసేసి దీన్ని నిలిపాను.

అయిదు నిమిషాలకు డైరెక్టరు గారు తన ఫోన్ చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. మొహం కందగడ్డలా ఉంది.

“ఎవరీవిడ? పేజీకెక్కి మన పరువు తీస్తుంటే పైన పెట్టి ఊరేగిస్తున్నారు! ఎవరు?”

“మా చెల్లెలండీ,” అన్నాను. “లోపలే ఉంది.”